విదేశీ ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియో సైట్ ఎలా చేసుకోవాలి? ఫొటోగ్రాఫర్లకు, డిజైనర్లకు

విదేశాల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ఫొటోగ్రాఫర్లు, డిజైనర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పోర్ట్‌ఫోలియో సైట్ ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తే మంచిది?" దానికి జవాబు కింద ఆరో మెట్టులో ఉంది. అది చిన్నదే. చాలామంది దరఖాస్తులు ఆగిపోయేది ప్లాట్‌ఫామ్ దగ్గర కాదు.

మీ సైట్ చూసేవాళ్లు వేరే దేశంలో ఉంటారు. మీ క్లయింట్ల పేర్లు వాళ్లు విని ఉండరు. మీరు పనిచేసిన స్టూడియో గురించి తెలియదు. అనుమానం వస్తే ఫోన్ చేసి అడగరు, ట్యాబ్ మూసేసి తర్వాతి దరఖాస్తు తెరుస్తారు. కాబట్టి వాళ్లకు వచ్చే మూడు సందేహాలకు సైటే జవాబు చెప్పాలి. ఈ మనిషి చేసే పని ఏమిటి? ఈ చిత్రంలో తన వాటా ఎంత? మా దగ్గరకొచ్చినా ఇదే పని మళ్లీ చేయగలరా?

వివరంగా చెప్పుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక ఫొటోగ్రాఫర్ కొన్నేళ్లుగా పెళ్లిళ్లు, పోర్ట్రెయిట్లు, వస్తువుల ఫొటోలు అన్నీ తీస్తున్నారు. ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మే ఒక విదేశీ కంపెనీ తమ స్టూడియోకి ప్రొడక్ట్ ఫొటోగ్రాఫర్ కావాలని ప్రకటన ఇచ్చింది. ఆ ఉద్యోగానికి సైట్ తయారు చేస్తున్నామనుకోండి. డిజైనర్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మీరు దరఖాస్తు పెట్టాలనుకునే ఉద్యోగ ప్రకటనలు నాలుగైదు, పూర్తి పాఠంతో
- మీ పని అసలు ఫైళ్లు: రా ఫైళ్లు లేదా పూర్తి సైజు చిత్రాలు, డిజైనర్లయితే అసలు డిజైన్ ఫైళ్లు
- ఆ పని చూపించడానికి క్లయింట్ నుంచి అనుమతి, మెయిల్‌లో ఉంటే చాలు
- మీ పేరుతో ఒక డొమైన్
- మీ రంగం తెలియని ఒక స్నేహితుడు లేదా స్నేహితురాలు, చివరి పరీక్ష కోసం

1. ప్రకటన చదివి, సైట్ ఏ ఉద్యోగం కోసమో ఒక వాక్యంలో రాసుకోండి

నాలుగైదు ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని, అన్నిట్లో మళ్లీ మళ్లీ వచ్చే పనులకు గీత గీయండి. మన ఉదాహరణలో అలా వచ్చేవి ఇవి: తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద వస్తువుల ఫొటోలు, కెమెరాను కంప్యూటర్‌కి కలిపి షూట్ చేయడం, స్టూడియో లైటింగ్, రీటచింగ్, రోజుకు చాలా వస్తువులు ఒకే తీరులో తీయగలగడం. పెళ్లి ఫొటోల ప్రస్తావన ఎక్కడా ఉండదు.

ఇప్పుడు వాక్యం రాయండి: "స్టూడియోలో వస్తువుల ఫొటోలు తీసి, రీటచ్ చేసి ఇచ్చే ఫొటోగ్రాఫర్‌ని." ఈ వాక్యమే ఇంగ్లీషులో మీ హోమ్ పేజీ మీద, మీ పేరు కింద ఉంటుంది. "వెలుగుతో కథలు చెప్తాను" లాంటి వాక్యాలు అక్కడ వద్దు. చూసేవాళ్లకు అవి ఏమీ చెప్పవు.

రెండు రకాల ఉద్యోగాలకు ప్రయత్నిస్తుంటే, ఉదాహరణకు బ్రాండింగ్, యాప్ డిజైన్ రెండూ అయితే, రెండింటినీ ఒకే హోమ్ పేజీలో కలపొద్దు. ఒకే డొమైన్ మీద రెండు పేజీలు చేసి, ప్రకటనను బట్టి దానికి సరిపోయే లింక్ పంపండి.

2. పని ఎంచుకోండి, చాలావరకు తీసేయండి

ఫొటోగ్రాఫర్‌కి పదిహేను నుంచి ఇరవై ఐదు చిత్రాలు, డిజైనర్‌కి నాలుగు నుంచి ఆరు ప్రాజెక్టులు సరిపోతాయి. మీ చిత్రాల్లో బలహీనంగా ఉన్నదాన్ని చూసి కూడా వాళ్లు మీ స్థాయి అంచనా వేస్తారు. "ఎప్పుడూ ఇంత బాగా చేయలేరు, ఒక్కోసారి ఇలా కూడా ఇస్తారన్నమాట" అనుకుంటారు. అనుమానం ఉన్న చిత్రాన్ని తీసేయడమే మంచిది.

ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియోలో చాలామంది మర్చిపోయేది ఇంకొకటి ఉంది. పోటీకి పంపేటప్పుడు ఒక్క గొప్ప చిత్రం చాలు. ఉద్యోగంలో మాత్రం ఒకే నాణ్యత రోజూ ఇవ్వగలరా అని చూస్తారు. అందుకే ఒంటరి చిత్రాలతో పాటు వరసలు కూడా పెట్టండి. మన ఫొటోగ్రాఫర్ ఇలా కూర్చుకోవచ్చు:

- ఒకే కోణం, ఒకే నీడ, ఒకే సైజులో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తీసిన ఎనిమిది వస్తువులు, ఒకే గ్రిడ్‌లో.
- తీయడానికి కష్టమైన మెటీరియల్స్ విడివిడిగా: గాజు సీసా, మెరిసే లోహం, నల్లటి బట్ట. వీటిని చూసే లైటింగ్ ఎంత వచ్చో తెలుస్తుంది.
- ప్రకటనల కోసం సెట్ వేసి తీసిన చిత్రాలు మూడు నాలుగు.
- రీటచింగ్‌కి ముందు, తర్వాత జంట ఒకటి.

ఆ ఎనిమిది వస్తువుల గ్రిడ్ అందంగా అనిపించకపోవచ్చు. కానీ ఈ ఉద్యోగానికి అన్నిటికంటే విలువైనది అదే. దాన్ని సరిచూసుకునే పద్ధతి ఇది. ఫొటోషాప్‌లో ఇన్ఫో ప్యానెల్ తెరిచి, ప్రతి చిత్రం నాలుగు మూలల్లో కర్సర్ పెట్టండి. తెలుపు అంటే మూడు అంకెలూ 255 రావాలి. ఒక చిత్రంలో 255, ఇంకో చిత్రంలో 248 వస్తే గ్రిడ్‌లో పక్కపక్కన పెట్టగానే బూడిద రంగు డబ్బా కనిపిస్తుంది. అమెజాన్ తన ప్రధాన ఉత్పత్తి చిత్రానికి స్వచ్ఛమైన తెలుపు, ఫ్రేములో 85 శాతం వస్తువు ఉండాలని అడుగుతుంది. ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఆ లెక్క అలవాటే, మీ గ్రిడ్‌నూ ఆ కంటితోనే చూస్తారు.

చూపించడానికి అలాంటి పని లేదా? ఇంట్లో ఉన్న సీసాలు, గడియారాలు తీసుకుని మీరే ఒక సెట్ షూట్ చేయండి. దాని కింద అది సొంత ప్రాజెక్ట్ అని స్పష్టంగా రాయండి. క్లయింట్ పని అన్నట్టు చూపించొద్దు, ఇంటర్వ్యూలో ఒకటి రెండు ప్రశ్నలకే బయటపడుతుంది. డిజైనర్లకూ ఇదే మాట. పేరున్న బ్రాండ్‌కి ఊహించి చేసిన రీడిజైన్ పెట్టొచ్చు, కానీ అది మీరు సొంతంగా చేసిందని మొదటి వరసలోనే ఉండాలి.

3. ప్రతి ప్రాజెక్ట్ కింద ఏం రాయాలి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఫొటోగ్రాఫర్లు అసలేమీ రాయరు, డిజైనర్లు మరీ ఎక్కువ రాస్తారు. కావలసింది నాలుగే విషయాలు: పని ఏమిటి, అందులో ఇబ్బంది ఏమిటి, మీరేం చేశారు, ఇంకెవరెవరు పనిచేశారు.

మన ఫొటోగ్రాఫర్ గాజు సీసా చిత్రాన్ని తీసుకుందాం. మామూలుగా దాని కింద "పెర్ఫ్యూమ్ షూట్" అని ఉంటుంది, అంతే. ఈ కింది భావం వచ్చేలా సరళమైన ఇంగ్లీషులో రాయండి:

"కొత్త పెర్ఫ్యూమ్‌కి కేటలాగ్ చిత్రం. పారదర్శకమైన గాజు కావడంతో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో అంచులు కలిసిపోతున్నాయి. వెనక నుంచి బ్యాక్‌గ్రౌండ్‌కి మాత్రమే లైట్ ఇచ్చి, ఫ్రేముకి రెండు పక్కలా నల్ల కార్డులు పెట్టి అంచులు రప్పించాను. లోహపు మూతకి విడిగా ఒక షాట్ తీసి కలిపాను. లైటింగ్, ఫొటో, రీటచింగ్ నావి. స్టైలింగ్ వేరొకరు చేశారు."

ఇది చదివిన స్టూడియో మేనేజర్‌కి మీరు గాజును ఎలా తీయాలో తెలిసి తీశారని అర్థమవుతుంది. అది ఎవరో సెట్ చేసిన లైట్ల కింద మీరు బటన్ నొక్కిన ఫొటో కాదని కూడా తెలుస్తుంది. ఇంత వివరం అన్ని చిత్రాలకూ అక్కర్లేదు, మూడు నాలుగు చాలు. మిగతావాటికి ఒక వాక్యం.

డిజైనర్లు ఇదే పద్ధతిలో ఒక్కో ప్రాజెక్టును ఒక పేజీగా రాయాలి. అక్కడ జరిగే పెద్ద పొరపాటు "మేము". "మేము యూజర్లతో మాట్లాడాం, మేము డిజైన్ చేశాం" అంటే మీరు ఏం చేశారో తెలియదు. పేజీ మొదట్లోనే రెండు వరసలు ఉండాలి: టీమ్‌లో ఎవరెవరు ఉన్నారు, అందులో మీ పని ఏది. ఉదాహరణకు: "ఇద్దరు డిజైనర్లు, ముగ్గురు డెవలపర్లు. చెల్లింపు స్క్రీన్లు, వాటి ప్రోటోటైప్ నావి. లోగో, రంగులు నాకంటే ముందే ఖరారయ్యాయి."

తర్వాత, వదిలేసిన డిజైన్ ఒకటి చూపించి ఎందుకు వదిలేశారో చెప్పండి. చివరి స్క్రీన్ ఎవరైనా చూపిస్తారు. మీరు ఎలా ఆలోచిస్తారో తెలిసేది వదిలేసినదానివల్ల. గోడ నిండా రంగు కాగితాలు అంటించిన ఫొటోలు, పుస్తకాల్లో ఉండే ప్రాసెస్ చార్టులు తీసేయండి. అవి అందరి సైట్లలోనూ ఒకేలా ఉంటాయి.

ఫలితాల అంకెలు మీ దగ్గర నిజంగా ఉంటేనే రాయండి. లేకపోతే జరిగినదే చెప్పండి: "ఈ డిజైన్ విడుదలైంది, ఇప్పటికీ వాడుతున్నారు" అన్నా చాలు. ఊహించి రాసిన శాతం గురించి "ఎలా కొలిచారు?" అని ఒక్క ప్రశ్న వస్తే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇంగ్లీషు గురించి చాలామందికి టెన్షన్ ఉంటుంది. పొట్టి వాక్యాలు రాయండి, ఆ భాష బాగా వచ్చినవాళ్లతో ఒకసారి చదివించండి. అమెరికన్ స్పెల్లింగో, బ్రిటిష్ స్పెల్లింగో ఏదో ఒకటే వాడండి. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి. 03/04 అని రాస్తే ఒక దేశంలో ఏప్రిల్ 3, ఇంకో దేశంలో మార్చి 4 అనుకుంటారు.

4. అనుమతులు

ఉద్యోగిగా చేసిన పనిపై హక్కులు సాధారణంగా కంపెనీవే. ఇంకా విడుదల కాని వస్తువు, యాప్ స్క్రీన్లు, గోప్యత ఒప్పందం కింద చేసిన పని అడగకుండా పెట్టొద్దు. ఇది చట్టపరమైన చిక్కు మాత్రమే కాదు. పాత కంపెనీ రహస్యం బయటపెట్టినవాళ్లు రేపు మన రహస్యమూ బయటపెడతారని కొత్త కంపెనీ అనుకుంటుంది.

అనుమతి రాకపోతే దారులున్నాయి. పేరు, లోగో, అసలు డేటా తీసేసి, చేసిన పనిని మాటల్లో వివరించండి. లేదా అనుమతించిన మేరకు ఆ పేజీకి పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్‌ను దరఖాస్తులోనే ఇవ్వండి. "పాస్‌వర్డ్ కోసం మెయిల్ చేయండి" అని రాస్తే ఎవరూ మెయిల్ చేయరు. మనుషుల ముఖాలు గుర్తుపట్టేలా ఉన్న ఫొటోలకు, ముఖ్యంగా పిల్లలవి అయితే, రాతపూర్వక సమ్మతి ఉండాలి.

5. ఫైళ్లు సిద్ధం చేయడం

మీ స్క్రీన్ మీద అద్భుతంగా ఉన్న చిత్రం అవతలివాళ్ల స్క్రీన్ మీద వెలిసిపోయినట్టు కనిపిస్తే, తొంభై పాళ్లు కారణం కలర్ ప్రొఫైలే. కెమెరాలోనో, లైట్‌రూమ్ నుంచి ఫొటోషాప్‌కి వెళ్లేటప్పుడో చిత్రం Adobe RGB లేదా ProPhoto RGBలో ఉంటుంది. సైట్ ప్లాట్‌ఫామ్ చిత్రాన్ని చిన్నది చేసేటప్పుడు ఆ ప్రొఫైల్‌ను తీసేస్తే, బ్రౌజర్ దాన్ని sRGB అనుకుని చూపిస్తుంది. రంగులు చప్పబడతాయి. కాబట్టి వెబ్ కోసం ముందే sRGBకి మార్చండి.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు ఇలా పెట్టుకోవచ్చు:

- Color Space: sRGB
- Quality: 75 నుంచి 85 మధ్య
- Resize to Fit: Long Edge, 2400 పిక్సెల్స్
- Output Sharpening: Screen
- Metadata: Copyright & Contact Info Only; వేరే ఎంపిక పెట్టుకుంటే Remove Location Info టిక్

చివరిది మర్చిపోవద్దు. ఫోన్‌తో తీసిన చిత్రాల్లో, జీపీఎస్ ఉన్న కెమెరా చిత్రాల్లో మీ ఇల్లు ఎక్కడుందో దాగి ఉండొచ్చు.

ఫొటోషాప్‌లో మార్చేవాళ్లు Edit మెనూలో Convert to Profile వాడాలి. Assign Profile వాడితే రంగులు మారిపోతాయి. పేర్లు దగ్గరగా ఉండటంతో తరచూ తప్పు నొక్కుతారు. నొక్కగానే చిత్రం రంగు గట్టిగా మారిందంటే మీరు Assign నొక్కారని అర్థం, వెనక్కి వెళ్లండి.

డిజైనర్లు యాప్ స్క్రీన్లను జేపెగ్‌గా ఇవ్వొద్దు. అక్షరాల చుట్టూ మసక వస్తుంది. పీఎన్‌జీ లేదా వెబ్‌పీ వాడండి, చూపించే సైజుకి రెట్టింపు పిక్సెల్స్‌తో ఎక్స్‌పోర్ట్ చేయండి. లోగోలకు ఎస్‌వీజీ బాగుంటుంది, కానీ ముందు అక్షరాలను ఔట్‌లైన్‌గా మార్చండి, లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో వేరే ఫాంట్ కనిపిస్తుంది. యానిమేషన్‌ని జిఫ్‌గా కాకుండా చిన్న ఎంపీ4 వీడియోగా పెట్టండి. అదే నాణ్యతకి జిఫ్ చాలా బరువు అవుతుంది.

6. డొమైన్, ప్లాట్‌ఫామ్

డొమైన్ మీ పేరుతో తీసుకోండి. రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో, సైట్‌లో మీ పేరు ఒకే స్పెల్లింగ్‌తో, ఒకే వరసలో ఉండాలి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక ఉంటే విదేశంలో ఉన్నవాళ్లకు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది. ఆటో రెన్యువల్ ఆన్ చేయండి. ఇంటి చిరునామా బయటికి కనిపించకుండా ప్రైవసీ ఆప్షన్ కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఇక ప్లాట్‌ఫామ్. అడోబీ క్రియేటివ్ క్లౌడ్‌కి ఇప్పటికే డబ్బు కడుతుంటే, చాలా ప్లాన్లలో అడోబీ పోర్ట్‌ఫోలియో కలిసే వస్తుంది. లైట్‌రూమ్, బిహాన్స్ నుంచి పని నేరుగా తెచ్చుకోవచ్చు, సొంత డొమైన్ కలుపుకోవచ్చు. ఫొటోగ్రాఫర్‌కి ఇది సరిపోతుందని నా అభిప్రాయం. లేఅవుట్ మీద ఇంకాస్త పట్టు కావాలంటే స్క్వేర్‌స్పేస్, ఫార్మాట్ ఉన్నాయి. వెబ్ డిజైనర్లు వెబ్‌ఫ్లో, ఫ్రేమర్ ఎంచుకుంటే సైటే ఒక నమూనా అవుతుంది. హెచ్‌టీఎంఎల్ వచ్చినవాళ్లు గిట్‌హబ్ పేజెస్ మీద ఉచితంగా పెట్టుకోవచ్చు. అలా సొంతంగా రాసేవాళ్లకి చిత్రం ట్యాగ్ ఇలా ఉండాలి:

```html
<img src="bottle-1600.jpg"
     srcset="bottle-800.jpg 800w,
             bottle-1600.jpg 1600w,
             bottle-2400.jpg 2400w"
     sizes="100vw" width="1600" height="2000"
     loading="lazy"
     alt="Clear glass perfume bottle on white">
```

`srcset` వల్ల ఫోన్‌కి చిన్న ఫైలు, పెద్ద స్క్రీన్‌కి పెద్ద ఫైలు వెళ్తాయి. `width`, `height` రాస్తే చిత్రాలు వచ్చేటప్పుడు పేజీ కిందికీ పైకీ గెంతదు. పేజీలో అన్నిటికంటే పైన ఉండే చిత్రానికి మాత్రం `loading="lazy"` తీసేయండి, ఉంచితే మొదట కనిపించాల్సిందే ఆలస్యంగా వస్తుంది.

గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌ని పోర్ట్‌ఫోలియోగా పంపొద్దు. అనుమతి సెట్టింగ్ తప్పితే "యాక్సెస్ అడగండి" అన్న పేజీ వస్తుంది, కొన్ని ఆఫీసుల్లో ఫైల్ షేరింగ్ సైట్లే తెరుచుకోవు. ఇన్‌స్టాగ్రామ్ లింక్ ఒక్కటే పంపినా ఇబ్బందే. అక్కడ వరస మీ చేతిలో ఉండదు, లాగిన్ అడుగుతుంది.

7. పేజీలు మూడు చాలు

హోమ్ పేజీ తెరవగానే పేరు, మొదటి మెట్టులో రాసుకున్న వాక్యం, వెంటనే పని. "లోపలికి రండి" బటన్, సంగీతం, లోడింగ్ యానిమేషన్ పెట్టొద్దు. రెండోది ప్రాజెక్టుల పేజీలు. మూడోది మీ గురించి, మిమ్మల్ని కలవడం గురించి.

మూడో పేజీలో విదేశీ ఉద్యోగానికి ప్రత్యేకంగా కావలసినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు ఏ నగరంలో, ఏ దేశంలో ఉన్నారు, యూటీసీతో పోలిస్తే మీ టైమ్ ఎంత తేడా, ఏ భాషలు ఎంతవరకు వచ్చు, ఎప్పటినుంచి చేరగలరు. పని అనుమతి సంగతి కూడా ఒక్క వాక్యంలో చెప్పండి: ఆ దేశంలో పనిచేసే హక్కు ఉందా, కంపెనీ స్పాన్సర్ చేయాలా. దాచితే మొదటి ఇంటర్వ్యూ వరకు వెళ్లి అక్కడ ఆగుతుంది, ఇద్దరి సమయమూ పోతుంది. ఫోన్ నంబరు ముందు ప్లస్ గుర్తు, దేశం కోడ్ ఉండాలి.

పుట్టిన తేదీ, పెళ్లయిందో లేదో, పాస్‌పోర్ట్ వివరాలు, ఇంటి చిరునామా ఈ పేజీలో ఉండకూడదు. చాలా దేశాల్లో కంపెనీలు అవి అడగవు, మోసగాళ్లకు మాత్రం పనికొస్తాయి.

కాంటాక్ట్ ఫారం ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. ఫారంలు చప్పుడు లేకుండా చెడిపోతాయి, మెసేజ్ వెళ్లిందని చూపిస్తాయి కానీ మీకు రాదు. మెయిల్ ఐడీని అక్షరాల్లో, కాపీ చేసుకునేలా పెట్టండి, చిత్రంగా కాదు.

8. లింక్ పంపినప్పుడు ఏం కనిపిస్తుంది

మెయిల్‌లోనో, చాట్‌లోనో మీ లింక్ పెట్టినప్పుడు ఒక చిన్న డబ్బాలో పేరు, చిత్రం కనిపిస్తాయి. స్టూడియోలో ఒకరు ఇంకొకరికి మీ లింక్ పంపేటప్పుడు మొదట చూసేది అదే. ప్లాట్‌ఫామ్ వాడేవాళ్లు సెట్టింగుల్లో పేజీ టైటిల్, షేరింగ్ ఇమేజ్ నింపాలి. సొంతంగా రాసేవాళ్లు హెడ్ భాగంలో ఇవి పెట్టండి:

```html
<title>Your Name – Product Photographer</title>
<meta property="og:title"
      content="Your Name – Product Photographer">
<meta property="og:image"
      content="https://example.com/share.jpg">
```

చిత్రం 1200 × 630 పిక్సెల్స్ ఉంటే చాలాచోట్ల కోత పడకుండా వస్తుంది. చిత్రం చిరునామా `https`తో మొదలయ్యే పూర్తి రూపంలో రాయాలి. `/share.jpg` అని మాత్రమే రాస్తే కనిపించకపోవచ్చు. లింక్డ్‌ఇన్ వాళ్ల Post Inspector పేజీలో మీ లింక్ ఇచ్చి చూడండి. మార్పులు చేశాక పాత చిత్రమే వస్తుంటే, అక్కడే మళ్లీ ఇన్‌స్పెక్ట్ చేయించాలి.

9. పంపేముందు పరీక్షలు

మీ కంప్యూటర్లో చూసి బాగుందనుకోవద్దు. అక్కడ మీరు లాగిన్ అయి ఉంటారు, చిత్రాలు ముందే సేవ్ అయి ఉంటాయి, ఫాంట్లు ఉంటాయి. వరసగా ఇవి చేయండి.

మొదటిది, ప్రైవేట్ విండోలో సైట్ తెరవండి. ప్రతి లింక్ నొక్కండి. పాస్‌వర్డ్ పేజీలు, ఫిగ్మా ప్రోటోటైప్‌లు, వీడియోలు లాగిన్ అడగకుండా తెరుచుకోవాలి. మీరు దరఖాస్తు పెట్టేది చైనాలోని కంపెనీకి అయితే యూట్యూబ్ వీడియోలు అక్కడ ఆడవు, వీడియోను సైట్‌లోనే పెట్టండి.

రెండోది, వేగం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ పేజీలో మీ చిరునామా ఇచ్చి, మొబైల్ ఫలితంలో Largest Contentful Paint అన్న వరస చూడండి. 2.5 సెకన్లలోపు ఉంటే మంచిదని గూగుల్ కొలమానం. ఎక్కువ వస్తే దాదాపు ఎప్పుడూ కారణం హోమ్ పేజీ మొదటి చిత్రమే. దాని ఫైల్ సైజు చూడండి. మెగాబైట్లలో ఉంటే 300 కిలోబైట్ల దగ్గరికి తగ్గించి మళ్లీ కొలవండి. మొత్తం స్కోరు వందకి వంద రాలేదని బాధపడక్కర్లేదు, ఈ ఒక్క వరస సరిగ్గా ఉంటే చాలు.

మూడోది, రంగు. సైట్‌లో ప్రచురించిన చిత్రాన్ని తిరిగి డౌన్‌లోడ్ చేసి, అసలు చిత్రం పక్కన ఫొటోషాప్‌లో పెట్టండి. చప్పబడి ఉంటే ఐదో మెట్టుకి వెళ్లండి. తర్వాత అదే చిత్రాన్ని రెండు వేరే ఫోన్లలో, ఒక మామూలు ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో చూడండి. మన ఫొటోగ్రాఫర్ ఇక్కడ నల్లటి బట్ట చిత్రాన్ని జాగ్రత్తగా చూడాలి. మంచి మానిటర్‌లో కనిపించిన నేత ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో నల్లటి మచ్చలా మారితే, వెబ్ కాపీలో నీడల భాగాన్ని కొద్దిగా తేల్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి.

నాలుగోది, మనుషులతో పరీక్ష. మీ రంగం తెలియని ఆ స్నేహితుడికి ఫోన్‌లో సైట్ తెరిచి ఇచ్చి, ఒక్క నిమిషం తర్వాత వెనక్కి తీసుకోండి. మూడు ప్రశ్నలు అడగండి: నేను చేసే పని ఏమిటి? గుర్తున్న చిత్రం ఏది? నాకు మెయిల్ చేయాలంటే ఎక్కడ నొక్కాలి? "ఫొటోలు తీస్తావు" అన్న జవాబు వస్తే హోమ్ పేజీ వాక్యం మార్చాలి. "వస్తువులవి తీస్తావు, అమ్మకానికి పెట్టేవి" అంటే సరిగ్గా కుదిరినట్టే. వాళ్లు చూస్తున్నప్పుడు మీరు పక్కన నిలబడి వివరించొద్దు. అక్కడ స్టూడియోలో వివరించడానికి మీరు ఉండరు.

10. దరఖాస్తుతో పంపడం

రెజ్యూమె పైభాగంలో, పేరు పక్కనే, సైట్ చిరునామా అక్షరాల్లో ఉండాలి, నొక్కితే తెరుచుకోవాలి కూడా. "పోర్ట్‌ఫోలియో కోసం ఇక్కడ నొక్కండి" అని మాత్రమే పెడితే, రెజ్యూమెని ప్రింట్ తీసినా, దరఖాస్తు సాఫ్ట్‌వేర్ దాన్ని ఉత్త అక్షరాలుగా మార్చినా లింక్ పోతుంది.

కొన్ని కంపెనీలు పీడీఎఫ్ అడుగుతాయి. సైట్‌లోంచి పది పన్నెండు చిత్రాలతో ఒకటి చేసి ఉంచుకోండి. ప్రకటనలో సైజు పరిమితి రాసి ఉంటే దాన్నే పాటించండి, లేకపోతే 10 మెగాబైట్లు దాటకుండా చూడండి. ఫైల్ పేరులో మీ పేరు ఉండాలి. "final2" లాంటి పేరుతో వచ్చిన ఫైలు వాళ్ల డౌన్‌లోడ్స్‌లో ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఆ ఉద్యోగం మీకు నిజంగా కావాలనుకుంటే ఇంకో పని చేయొచ్చు. ఆ కంపెనీ కోసమే ఒక విడి పేజీ. మెనూలో దానికి లింక్ ఇవ్వకండి, సెర్చ్‌లో రాకుండా ప్లాట్‌ఫామ్ సెట్టింగుల్లో ఆపండి, లేదా హెడ్ భాగంలో ఈ వరస పెట్టండి:

```html
<meta name="robots" content="noindex">
```

అందులో వాళ్లు అమ్మే రకం వస్తువులకు దగ్గరగా ఉన్న ఆరేడు చిత్రాలు, ప్రకటనలో అడిగిన పనులకు ఒక్కో వాక్యం జవాబు పెట్టండి. వాళ్లు గడియారాలు అమ్మితే మెరిసే లోహం పైన ఉండాలి, బట్టలు అమ్మితే నల్లటి బట్ట పైకి రావాలి. సెర్చ్‌లో రాకుండా `noindex`తో ఆపినా లింక్ ఉన్నవాళ్లెవరైనా ఆ పేజీ చూడగలరు, కాబట్టి రహస్యమైన పని అక్కడ పెట్టొద్దు. దానికి పాస్‌వర్డే కావాలి.

దరఖాస్తు పంపిన తర్వాత కొన్ని వారాలపాటు సైట్‌లో పెద్ద మార్పులు చేయకండి. రెజ్యూమెలో రాసిన పేజీ చిరునామాలు మార్చకండి, పేజీ పేరు మారితే పాత లింక్ "పేజీ దొరకలేదు" అని చూపిస్తుంది. తప్పనిసరై మార్చాల్సి వస్తే పాత చిరునామా నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టి, ప్రైవేట్ విండోలో పాత లింక్ నొక్కి చూసుకోండి.